మంత్రి చేతిలో ఉన్నా డ్రా: అంచు బంటుతో వచ్చే చిక్కు

ప్రశ్న: చెస్ ఆటలో నాకు మంత్రి ఉంది, అవతలి వాళ్లకు రాజు, చివరికి చేరబోతున్న ఒక్క బంటు. అయినా స్టేల్‌మేట్ అయి డ్రా అయింది. ఎక్కడ తప్పు జరిగింది?

ముందు ఆ బంటు ఏ నిలువు వరుసలో ఉందో చూడండి. నాకు ఇదే దెబ్బ హనుమకొండలో ఒక ర్యాపిడ్ టోర్నీ చివరి రౌండ్‌లో తగిలింది. అక్కడ బంటు a2లో ఉంది.

బంటు d2లో ఉంటే పని తేలిక. మంత్రితో చెక్‌లు ఇస్తూ పోతే ఎప్పుడో ఒకసారి నల్ల రాజు d1లోకి, తన బంటు ముందుకే రాక తప్పదు. బంటు ఆగిపోతుంది కాబట్టి ఆ ఒక్క ఎత్తులో మన రాజు ఒక అడుగు దగ్గరవుతాడు. అంచు బంటు దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది. రాజు a1 మూలకు వెళ్లాక మన మంత్రి b వరుసలో ఉంటే అతనికి కదలడానికి గడే లేదు. మన రాజుని కదిపామా, స్టేల్‌మేట్.

నా ఆట ఇది. నా రాజు d4, మంత్రి e2. అవతల రాజు b1, బంటు a2. ఎత్తు నాది. బంటు మంత్రి అయిపోతుందన్న టెన్షన్‌లో b5 నుంచి చెక్ ఇచ్చాను. ఆ పిల్లాడు ఏమాత్రం ఆలోచించకుండా రాజుని a1లో పెట్టాడు. నేను రాజుని c3కి జరిపాను. వాడు చేయి చాపి "డ్రా అంకుల్" అన్నాడు.

అదే c3 ఎత్తు, మంత్రిని e2లోనే ఉంచి ముందే వేసి ఉంటే గెలుపే. వాడు a1లో కొత్త మంత్రిని తెచ్చుకుని చెక్ ఇస్తాడు. ఇవ్వనివ్వాలి. మన రాజు b3కి వెళ్తే తర్వాతి ఎత్తులో c2లో మేట్ బెదిరింపు ఉంటుంది. కొత్త మంత్రి చెక్ ఇవ్వబోతే, a3, a4, c3ల్లో మన రాజే దాన్ని తినేస్తాడు. A2, b2ల్లో మన మంత్రి తింటుంది. బంటుని ఆపాలన్న ఆత్రమే ఇక్కడ అసలు శత్రువు.

ఈ దారి పనిచేయాలంటే మన రాజు రెండు ఎత్తుల్లో b3 చేరాలి, మంత్రికి c2 అందాలి. రాజు బోర్డుకి అటు చివర ఉంటే మాత్రం డ్రాయే, ఎంత చెక్ ఇచ్చినా లాభం లేదు.

మీరు బలహీన పక్షంలో ఉంటే c2 బంటుతో ఇంకో ఉపాయం ఉంది. b3 నుంచి చెక్ రాగానే బంటుని కాపాడకుండా రాజుని a1లోకి తీసుకెళ్లండి. మంత్రి c2 బంటుని తింటే మీ రాజుకి ఒక్క గడి కూడా మిగలదు, ఆట డ్రా. తినకపోతే బంటు c1లో మంత్రి అవుతుంది.