వేపాకు వాసనకు చావని పురుగు గింజ లోపల ఉంటుంది

"వేపాకు, కర్పూరం, లవంగాలు, వెనిగర్ పెడితే ఇంట్లో పురుగులు నిజంగా పోతాయా? ఎక్కడ పని చేయవు?"

బయట తిరిగే పురుగును కొన్నాళ్లు దూరంగా ఉంచుతాయి. పురుగు పుట్టే చోటును మాత్రం తాకలేవు. ఈ తేడా నాకు బియ్యం డబ్బా దగ్గర తెలిసింది.

పది కిలోల బియ్యంలో ముక్కుపురుగులు కనిపించాయి. బియ్యం చెరిగి, దొరికిన వాటినన్నిటినీ ఏరేసి, గుప్పెడు ఎండు వేపాకు, పదిహేను లవంగాలు గుడ్డలో మూటగట్టి డబ్బాలో పెట్టాను. రెండు వారాలు ఒక్క పురుగూ లేదు. మూడో వారంలో మూత తీస్తే ఆ మూట మీదే రెండు పాకుతున్నాయి! కొన్ని గింజలు అరచేతిలో వేసుకుని వెలుతురులో చూశాను. కొన్నింటికి చిన్న చిల్లు, నొక్కితే లోపలంతా డొల్ల, వేలికి తెల్లటి పొడి.

తల్లి పురుగు ముక్కుతో గింజను తొలిచి, అందులో గుడ్డు పెట్టి, పైన జిగురుతో మూసేస్తుంది. పిల్ల పురుగు లోపలే తిని పెరిగి, వెచ్చగా ఉంటే నెల రోజులకు బయటపడుతుంది. నేను ఏరినవి పెద్దవి మాత్రమే. వేపలో పురుగుల ఎదుగుదలను దెబ్బతీసే అజాడిరాక్టిన్ ఎక్కువగా ఉండేది గింజల్లో, అదీ పురుగు తింటేనే బాగా పని చేస్తుంది. పైన పడి ఉన్న ఎండుటాకును ఏ పురుగు తింటుంది? లవంగంలోని యూజినాల్ ఘాటు నిజమైనదే, కానీ రోజురోజుకూ ఆవిరైపోతుంది.

చివరికి ఆ బియ్యాన్ని చిన్న సంచుల్లో గట్టిగా కట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో వంతులవారీగా వారం చొప్పున ఉంచాను. ఇలా చేస్తే గుడ్లు కూడా చస్తాయి. తీశాక సంచి మామూలు వేడికి వచ్చేదాకా విప్పకూడదు, విప్పితే గింజకు చెమ్మ పడుతుంది. తర్వాత గాలి చొరని డబ్బాలో పోశాను. ఇప్పుడైతే లవంగాలు వేసినా అర్థం ఉంది, ఎందుకంటే ఇక ఆపాల్సింది బయటి పురుగునే.

చీమలకు వెనిగర్ కూడా ఇంతే. అవి నేల మీద వదిలే వాసన దారిని తుడిచేస్తుంది కాబట్టి వరుస చెదిరిపోతుంది, సబ్బునీళ్లూ అదే పని చేస్తాయి. పుట్టలో రాణి ఉన్నంతకాలం మరో దారి వేసుకుంటాయి. చీమల మందు ఎర పెట్టేటట్లయితే ఆ దారిని మాత్రం వెనిగర్‌తో తుడవకండి, చీమలు ఎర దాకా వచ్చి దాన్ని పుట్టలోకి మోసుకుపోవాలి.

కర్పూరం అలమరలో పెడితే బొద్దింక పక్క అలమరకు మారుతుంది, అంతే. పసిపిల్లలున్న ఇంట్లో అది కూడా వద్దంటాను. కొద్దిగా మింగినా మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది, పైగా చూడటానికి మిఠాయి బిళ్లలా ఉంటుంది.