మేడమ్‌కి థాంక్స్ చెప్పండి, ఉద్యోగం ఆమె ఇచ్చారని మాత్రం రాయకండి

"బీటెక్ తర్వాత నాలుగేళ్లు బ్యాంకింగ్ ప్రాజెక్టులో మాన్యువల్ టెస్టర్‌గా చేశాను. పిల్లలు, అత్తగారి అనారోగ్యం వల్ల తొమ్మిదేళ్లు ఇంట్లోనే ఉండిపోయాను. మా పాత టీమ్ లీడ్ మేడమ్ శనివారాలు ఫోన్‌లో మాక్ ఇంటర్వ్యూలు చేయించారు. బిల్లులు కట్టే యాప్ ఒకటి ఇచ్చి, అందులో తప్పులు పట్టి రిపోర్టులు రాయమన్నారు. 'సారీ, గ్యాప్ ఉంది' అని మొదలుపెడితే ఆపేసేవారు. వాళ్ల కంపెనీలోనే నన్ను రిఫర్ చేశారు. చేరి రెండు నెలలైంది. కృతజ్ఞతగా ఆమెకు ఉత్తరం రాద్దామంటే 'మీ దయవల్లే నలుగురిలో నిలబడ్డాను' దగ్గరే ఆగిపోతున్నాను. కాళ్ల మీద పడ్డట్టు ఉంటోంది. 'ఆమె లేకపోతే నీకెవరిస్తారు, పట్టుచీర పెట్టి రా' అంటారు నాన్న. 'రిఫరల్ డబ్బులు వచ్చుంటాయిలే, వాట్సాప్ మెసేజ్ చాలు' అంటారు మా ఆయన. ఇంకో మాట. టెస్టింగ్‌లో భవిష్యత్తు లేదు, డేటా సైన్స్ కోర్సు చెయ్యమంటున్నారు అందరూ. ఆటోమేషన్, డేటా సైన్స్‌లో నాకేది మేలో అదే ఉత్తరంలో అడగొచ్చా?"
– ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్

అమ్మా, ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. పైకి అడిగేది థాంక్స్ ఎలా చెప్పాలని. లోపల కుదురు లేకుండా చేస్తున్నది వేరు: ఈ ఉద్యోగం నాకు అర్హత ఉండి వచ్చిందా, ఎవరో జాలిపడి ఇప్పించారా అన్న అనుమానం. అది తేలకపోతే ఉత్తరం ఆ మొదటి వాక్యం దాటదు. కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

రిఫర్ చేయడం అంటే మీ రెజ్యూమెను తమ కంపెనీ పోర్టల్‌లో పెట్టడం. దానివల్ల ఎన్నో అప్లికేషన్ల మధ్య మీది రిక్రూటర్ కంటపడుతుంది. తొమ్మిదేళ్ల గ్యాప్ చూడగానే పక్కన పడేయకుండా ఒకసారి చదువుతారు. ఇది చిన్న సాయం కాదు. బ్రేక్ తర్వాత వచ్చేవాళ్లు ఎక్కువగా ఆగిపోయేది అక్కడే. కానీ ఆమె చేయగలిగింది అంతవరకే. టెక్నికల్ రౌండ్, మేనేజర్ రౌండ్ దాటింది మీరు. రిఫర్ చేసినవాళ్లను మామూలుగా ఆ ప్యానెల్లో కూర్చోబెట్టరు. ఇంటర్వ్యూ చేసినవాళ్లు ప్రతి రౌండ్‌కీ విడిగా అభిప్రాయం రాస్తారు. వాళ్లు వద్దని రాస్తే, రిఫర్ చేశారు కదా అని తీసుకోరు. వాళ్లు మీలో చూసింది బ్యాంకింగ్ ప్రాజెక్టులో నాలుగేళ్ల పని, దాని గురించి మీరు చెప్పిన జవాబులు. ఆ రెండూ మీవే.

మీ ఆయన లెక్క కూడా సరికాదు. చాలా కంపెనీల్లో రిఫరల్ బోనస్ ఉన్న మాట నిజమే. బయటి ఏజెన్సీ ద్వారా మనిషిని తెచ్చుకుంటే కంపెనీకి ఖర్చు ఎక్కువ, అందుకే తమ ఉద్యోగులకు కొంత ఇస్తారు. అదీ సాధారణంగా మీరు చేరి కొన్ని నెలలు నిలిచాకే. ఆ డబ్బు మాత్రం పోర్టల్‌లో రెజ్యూమె పెట్టినందుకు. ఉద్యోగం, ఇల్లు చూసుకునే మనిషి తన శనివారం సాయంత్రాలు మీకు ఇచ్చారు. వాటికి ఏ కంపెనీ డబ్బు కట్టదు. మీరు థాంక్స్ చెప్పాల్సింది ఆ సాయంత్రాలకు.

మీ నాన్నగారికి ఈ పేరా చదివి వినిపించండి. అయ్యా, మీ అమ్మాయిని బీటెక్ చదివించింది మీరే. తొమ్మిదేళ్ల తర్వాత మళ్లీ కూర్చుని నేర్చుకుని, ఇంటర్వ్యూలు దాటి, రెండు నెలలుగా పని చేస్తున్న మనిషితో 'ఆమె లేకపోతే నీకెవరిస్తారు' అంటే ఆఫీసులో తన మీద తనకు ఎలా నమ్మకం ఉంటుంది? చిన్న తప్పు దొర్లినా ముందు గుర్తొచ్చేది మీ మాటే. మీటింగులో తనకు తెలిసిన సంగతి కూడా నోరు తెరిచి చెప్పదు. ప్రేమతో అన్నారని నాకు తెలుసు, అయినా ఆ మాట ఇక అనకండి. పట్టుచీర కూడా ఇప్పుడు వద్దు. ఇద్దరూ ఒకే కంపెనీలో ఉన్నారు, ఆమె సీనియర్. ఉద్యోగులు కానుకలు తీసుకోవడంపై చాలా కంపెనీలకు నియమాలు ఉంటాయి. ఖరీదైనది తీసుకుంటే ఆమె పైవాళ్లకు చెప్పాల్సి రావచ్చు, లేదా మొహమాటపడుతూ తిరిగి ఇచ్చేయాలి. అంత గౌరవం ఉంటే కుటుంబంతో సహా ఒక రోజు భోజనానికి పిలవండి.

ఇక ఉత్తరం. మీరు రాసినది కాళ్ల మీద పడ్డట్టు ఎందుకుందంటే, అందులో ఆమె ఉన్నారు గానీ మీరు లేరు. ఆమె చేయించింది ఏమిటో, దానితో మీరు చేసింది ఏమిటో లేదు. ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త, చేయగలనన్న నమ్మకం మనిషికి ఎక్కడి నుంచి వస్తుందో 1977లో వివరించారు. 'నువ్వు చేయగలవు' అని ఇతరులు చెప్పడం అందులో ఒకటే, దాని బలం తక్కువ. అన్నిటికంటే గట్టిది, పనిని స్వయంగా చేసి అది కుదిరిందని చూసుకోవడం. మీ మేడమ్‌కు ఆయన పేరు తెలుసో లేదో గానీ, చేసింది మాత్రం అదే. ధైర్యం చెప్పి ఊరుకోలేదు, చేతికి పని ఇచ్చారు.

ఆ యాప్ సంగతే చూడండి. ఉదాహరణకు, కరెంటు బిల్లు కడుతూ పేమెంట్ మధ్యలో బ్యాక్ నొక్కితే డబ్బు కట్ అయింది, బిల్లు మాత్రం పెండింగ్‌లో కనిపించింది అనుకుందాం. మామూలు మనిషి తిట్టుకుని వదిలేస్తాడు. టెస్టర్ అయితే ఏ స్క్రీన్‌లో ఏది నొక్కితే వచ్చిందో వరసగా రాస్తుంది. అసలు ఏం జరగాలో, ఏం జరిగిందో విడివిడిగా రాస్తుంది. ఎంత తీవ్రమైనదో, ఎంత త్వరగా సరిచేయాలో చెబుతుంది. మళ్లీ చేసి చూసి, ప్రతిసారీ వస్తోందా అన్నది కూడా రాస్తుంది. ఇవన్నీ ఉంటేనే డెవలపర్ ఆ తప్పును తన దగ్గర రప్పించి చూడగలడు. ఈ నేర్పు తొమ్మిదేళ్లలో పోదు. అడుగున ఉండిపోతుంది. ఒకటి రెండు రిపోర్టులు రాయగానే చేతికి వచ్చేస్తుంది. 'నాకింకా వచ్చు' అని మీకు తెలిసింది అలా రాస్తున్నప్పుడే. ఉత్తరంలో ఉండాల్సింది ఆ సంగతి.

నేనైతే ఇలా రాస్తాను. వివరాలు మీవి పెట్టుకోండి.

"మేడమ్, నమస్తే. మొదటి మాక్ ఇంటర్వ్యూలో నేను సారీతో మొదలుపెడితే మీరు ఆపేశారు. ముందు చేసిన పని చెప్పాలని, గ్యాప్ సంగతి వాళ్లు అడిగితే ఒక్క వాక్యంలో చెప్పాలని నేర్పారు. అసలు ఇంటర్వ్యూలో అలాగే చేశాను. ఎక్కువసేపు పాత ప్రాజెక్టులో ఫండ్ ట్రాన్స్‌ఫర్ టెస్టింగ్ గురించే మాట్లాడాం. మీరు రాయించిన బగ్ రిపోర్టులు ఇప్పుడు రోజూ పనికొస్తున్నాయి. పోయిన వారం నేను పెట్టిన ఒక డిఫెక్ట్ చూసి డెవలపర్ ఒక్క ప్రశ్న కూడా అడగకుండా సరిచేశాడు. ఆ రోజు మీరే గుర్తొచ్చారు. మీ శనివారాలు నాకిచ్చారు. అది నాకెప్పుడూ గుర్తుంటుంది."

చూశారా, ఇందులో పొగడ్త లేదు. అయినా ఆమెకు సంతోషం ఎక్కువ దీనితోనే, ఎందుకంటే తాను చెప్పినవాటిలో ఏవి పనికొచ్చాయో మెంటర్‌కు మామూలుగా తెలియదు. తెలిస్తే రేపు ఇంకొకరికి అదే చేయిస్తారు. ఆఫీసు మెయిల్‌లో కాకుండా సొంత మెయిల్‌కు పంపండి, చేత్తో రాసి ఇచ్చినా మంచిదే. లింక్డ్‌ఇన్‌లో ఆమె పేరు ట్యాగ్ చేసి రాయాలనుకుంటే ముందు అడగండి. ఒకే కంపెనీ కాబట్టి, మీ టీమ్‌లో కొందరు దాన్ని 'ఆమె మనిషి' అని చదువుకునే ప్రమాదం ఉంది. అడగకుండా ట్యాగ్ చేస్తే రిఫర్ చేయమని ఆమె ఇన్‌బాక్స్ నిండిపోవచ్చు కూడా.

డేటా సైన్స్ ప్రశ్న మాత్రం ఈ ఉత్తరంలో పెట్టకండి. థాంక్స్ చివర్లో ప్రశ్న కనిపిస్తే, పైన రాసినదంతా దానికోసమే అనిపిస్తుంది. దానికి జవాబు నేనే ఇస్తాను. ఆ కోర్సుల మీద నాకు చాలా అనుమానాలున్నాయి, దాచుకోను.

మొదటిది, డేటా సైన్స్‌కు మారితే మీ బ్యాంకింగ్ టెస్టింగ్ అనుభవంలో చాలావరకు పక్కకు పోతుంది. కొత్తగా కాలేజీ నుంచి వచ్చిన పిల్లలతో కలిసి ఫ్రెషర్ వరసలో నిలబడాలి. వాళ్లలో చాలామందికి స్టాటిస్టిక్స్ చదివి ఎంతో కాలం కాలేదు, రాత్రంతా కూర్చుని ప్రాజెక్టులు చేసే వీలుంది. మీకు పిల్లల హోంవర్క్ ఉంది. రెండోది, ప్రకటనల్లో కనిపించే 'ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్' అంటే ఉద్యోగం గ్యారంటీ అని కాదు. రెజ్యూమె సరిచేసి, కొన్ని కంపెనీలకు పంపినా ఆ మాట నిలబెట్టుకున్నట్టే. మూడోది, నన్ను ఎక్కువ భయపెట్టేది. 'నెలనెలా వాయిదాలు' అని చెప్పి చాలాచోట్ల మీ పేరు మీద ఫైనాన్స్ కంపెనీ దగ్గర అప్పు ఇప్పిస్తారు. నచ్చక మధ్యలో మానేసినా వాయిదాలు ఆగవు. సంతకం పెట్టేముందు ఒక్కటి అడగండి: నేను మానేస్తే అప్పు ఎవరు కట్టాలి? కాగితం మీద రాసివ్వకపోతే లేచి వచ్చేయండి.

నిజంగా ఆసక్తి ఉంటే, కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల పోర్టల్ 'స్వయం'లో ఎన్‌పీటెల్ కోర్సులున్నాయి. నేర్చుకోవడం ఉచితం, సర్టిఫికెట్ పరీక్ష రాస్తేనే ఫీజు. ఒక స్టాటిస్టిక్స్ కోర్సు చివరిదాకా చూడగలిగితే అప్పుడు ఆలోచిద్దాం. ఆటోమేషన్ అంటారా, చేత్తో చేసే టెస్టులను ప్రోగ్రామ్‌తో నడిపించడమే కాబట్టి అది మీరిప్పుడు చేస్తున్న పనికి కొనసాగింపే. రిలీజ్ వచ్చిన ప్రతిసారీ చేత్తో మళ్లీ మళ్లీ నడుపుతున్న రిగ్రెషన్ టెస్టుల్లో ఒకటి తీసుకోండి. మీ టీమ్ జావా వాడుతోందో, పైథాన్ వాడుతోందో చూసి, అదే భాషలో సెలీనియం అనే టూల్‌తో ఆ ఒక్కదాన్నీ నడిపించండి. అది ఆగకుండా నడిస్తే రెండోది. అంతకు మించి పోలిక మీకు ఇప్పుడు అక్కర్లేదు. చేరి రెండు నెలలే అయింది, వచ్చిన పని చేతిలో ఉండగానే అది చాలదని మిమ్మల్ని మీరు తోసుకుంటున్నారు. ఒక ఏడాది ఈ కుర్చీలో కూర్చోండి. ఆఫీసు వాళ్లు మీ పనిని ఎలా చూస్తున్నారో అప్పటికి మీకే తెలుస్తుంది.

ప్రొబేషన్ అయ్యాక, కన్ఫర్మ్ అయ్యాక పంపుదామని మాత్రం ఆగకండి. ఆమె చేసిన సాయం ఇప్పటికే పూర్తయింది, ఆ ఫలితాలతో దానికి సంబంధం లేదు. ఉత్తరం ఈ వారమే పంపండి.