రెండు డిపార్ట్‌మెంట్ల ఉమ్మడి వర్క్‌షాప్‌కి ఎంఓయూ: ఖర్చు ‘సగం సగం’ అని రాస్తే సరిపోతుందా?

ప్రశ్న: మాది నెల్లూరులో డిగ్రీ కాలేజీ, జువాలజీ డిపార్ట్‌మెంట్. ఒంగోలులో ఇంకో కాలేజీ స్టాటిస్టిక్స్ వాళ్లతో కలిసి రొయ్యల చెరువుల నీటి పరీక్షల మీద మూడు రోజుల వర్క్‌షాప్ పెడుతున్నాం. రెండు రోజులు మా దగ్గర, ఒక రోజు వాళ్ల దగ్గర. పిల్లలు చెరో 20 మంది. ఎంఓయూ నన్ను రాయమన్నారు. ఎవరేం చెయ్యాలి, ఖర్చులు, కాలవ్యవధి ఎలా రాయాలి? ఖర్చు సగం సగం అంటే చాలదా?

జవాబు:

చాలదు మేడమ్. నేను కావలిలో పనిచేసేటప్పుడు ఇలాంటి వర్క్‌షాప్‌కి కోఆర్డినేటర్‌గా ఉన్నాను. ఆఫీసులో ఉన్న పాత నమూనా ఎంఓయూలో ‘ఖర్చులు ఇరువురూ సమానంగా భరించాలి’ అని ఒక్క వాక్యం ఉంది, అదే పెట్టారు. వర్క్‌షాప్ బాగానే జరిగింది. తర్వాత బిల్లులన్నీ మా కాలేజీ పేరు మీద ఉన్నాయి, సగం డబ్బు అవతలి కాలేజీ నుంచి రావాలి. వాళ్ల అకౌంట్స్ సెక్షన్ ఒరిజినల్ బిల్లు లేందే చెక్కు రాయమంది. ఒరిజినల్స్ ఇచ్చేస్తే మా ఆడిట్‌కి ఏం చూపించాలని మా సూపరింటెండెంట్ అడ్డం పడ్డాడు. జిరాక్సుల మీద అటెస్టేషన్లు, ఉత్తరాలు, ఫోన్లు... విద్యాసంవత్సరం అయిపోయినా ఆ ఫైలు ముయ్యలేదు.

అందుకే మొత్తాన్ని రెండుగా కొయ్యకుండా పద్దుల్నే పంచుకోండి. ఏ పద్దు ఎవరిదో ముందే రాసేస్తే బిల్లు వాళ్ల పేరు మీదే పడుతుంది, ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి రూపాయి కదలక్కర్లేదు. మీ లెక్కే వేసి చూద్దాం. రేట్లు నావి, మీ ఊరి రేట్లు మీరు పెట్టుకోండి.

పిల్లలు 40, స్టాఫూ వక్తలూ 10, మొత్తం 50 మంది. టిఫిను, భోజనం, టీ కలిపి మనిషికి రోజుకి 200 అనుకుంటే మూడు రోజులకి 30,000. ఇందులో రెండు రోజులు నెల్లూరులో కాబట్టి 20,000 మీది, మూడో రోజు 10,000 ఒంగోలు వాళ్లది. రసాయనాలు, గాజు సామాను 6,000. చెరువుల దగ్గరికి బస్సు 6,000. ఫైళ్లు, సర్టిఫికెట్లు, బ్యానర్ 4,000. ఇవి కూడా మీవే. మీ వైపు 36,000 అయింది. వాళ్ల వైపు మూడో రోజు భోజనం 10,000, మీ పిల్లల్ని ఒంగోలు తీసుకెళ్లి తెచ్చే బస్సు 12,000, వక్తల గౌరవ వేతనం, ప్రయాణం 10,000. మొత్తం 32,000. ఇంకో 4,000 తక్కువుంది. అదెక్కడుందో కాసేపట్లో చెప్తాను. ఫీజు 300 పెడితే ఎవరి పిల్లల దగ్గర వాళ్లే వసూలు చేసుకోవాలి, చెరో 6,000 వస్తుంది. నికరంగా ఒక్కో కాలేజీకి 30,000 పడుతుంది.

దీని కింద వాక్యం ఇలా రాయండి: ‘అనుబంధంలో తమకు కేటాయించిన పద్దులకు బిల్లులు తమ కాలేజీ పేరు మీదే తీసుకుని, తమ నిధుల నుంచే చెల్లించాలి. ఏ పద్దు అయినా కేటాయింపుకు పది శాతం మించేటట్లుంటే ఖర్చు పెట్టకముందే అవతలి కోఆర్డినేటర్‌కు రాతపూర్వకంగా తెలపాలి. లేనిచో ఆ అదనపు మొత్తం ఖర్చు చేసినవారిదే. మిగిలిన సొమ్ము ఎవరి పద్దులో మిగిలితే వారిదే.’ ఈ చివరి వాక్యం దగ్గర కొందరు గొణుగుతారు, పట్టించుకోవద్దు. మిగులు పంచుకుందామని కూర్చుంటే మళ్లీ కాలేజీల మధ్య చెక్కులు మొదలవుతాయి.

పిల్లలు తగ్గితే ఏంటన్నది కూడా రాయాలి. ఎనిమిది మంది రాకపోతే ఫీజులో 2,400 పోతుంది, భోజనాల్లో 4,800 మిగులుతుంది. కానీ వంటవాళ్లకి ముందు చెబితేనే మిగిలేది. బస్సు మాత్రం 40 మందికైనా 32 మందికైనా అంతే. కాబట్టి ఐదు రోజుల ముందే పేర్ల జాబితా ఖరారు కావాలని, ఆ తర్వాత తగ్గిన తలల భోజనం ఖర్చు ఆ పిల్లల కాలేజీదేనని పెట్టండి.

ఇక ఎవరేం చెయ్యాలన్నది. ‘జువాలజీ శాఖ ఫీల్డు పని చూస్తుంది’ అంటే ఏమీ చెప్పనట్టే. పనిని గంటల వారీగా ఊహించుకుంటే ఏ బాధ్యతలు కావాలో అవే బయటపడతాయి. చెరువులో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున అతి తక్కువగా ఉంటుంది, పిల్లలకి చూపించాల్సింది ఆ రీడింగే. వింక్లర్ పద్ధతిలో చేస్తే నీళ్లు సీసాలో పట్టగానే గట్టు మీదే మాంగనస్ సల్ఫేట్, ఆల్కలైన్ అయొడైడ్ వేసి ఆక్సిజన్‌ని కట్టెయ్యాలి. టైట్రేషన్ ల్యాబ్‌కి వచ్చి చేసుకోవచ్చు. కాబట్టి ఆ రసాయనాలు గట్టు దాకా తెచ్చే పని ఎవరిదో రాసి ఉండాలి. బస్సు అయిదింటికే బయల్దేరాలి. అంటే ఒంగోలు పిల్లలు ముందు రోజు రాత్రికే నెల్లూరు చేరాలి. మొదటి రోజు రాత్రీ ఉండాలి. రెండు రాత్రుల భోజనం, 20 మందికి తలకి వంద చొప్పున 4,000. ఇందాక తక్కువైన డబ్బు ఇదే. ‘మూడు రోజులు’ అని రాసుకున్న కాగితంలో ఈ రాత్రులు కనబడవు. ఈ భోజనాలు ఒంగోలు వాళ్ల పద్దులో వేసి, హాస్టల్ గదులు అద్దె లేకుండా మీరు ఇస్తే 36,000కి 36,000 సరిపోతుంది. ఆడపిల్లల హాస్టల్‌కి వార్డెన్ అనుమతి తెచ్చే పని మీ వైపు ఒక మేడమ్‌కి రాతపూర్వకంగా అప్పజెప్పండి.

చెరువు యజమాని అనుమతి కూడా మీ బాధ్యతే. తెల్లమచ్చ వైరస్ భయంతో రైతులు కొత్తవాళ్లని గట్టెక్కనివ్వరు, అందులో తప్పు పట్టేదేమీ లేదు. ఒక్కో విడతలో పది మందికి మించరు, కాళ్లు మందు నీళ్లలో ముంచి వస్తారు, ఒక చెరువులో వాడిన బక్కెట్టు ఇంకో చెరువులో ముంచరు అని రాసి ఇస్తే మేం అడిగిన రైతు ఒప్పుకున్నాడు. రైతు పేరు, చెరువు ఆనవాళ్లు డేటా షీట్లో రాకూడదని స్టాటిస్టిక్స్ వాళ్ల బాధ్యతల్లో చేర్చండి. షీట్ ఎలా ఉండాలో, ఏ కాలమ్‌లో ఏ యూనిట్లో వాళ్లు వారం ముందే మీకు పంపాలి. లేకపోతే మీ పిల్లలు లవణీయత ఒకచోట పీపీటీలో, ఇంకోచోట శాతంలో రాసి తీసుకెళ్తారు, ఒంగోలులో సగం రోజు వాటిని సరిచేయడానికే పోతుంది. బాధ్యతలన్నీ హోదాల పేరుతోనే పెట్టండి, మనుషుల పేర్లతో వద్దు. మధ్యలో ట్రాన్స్‌ఫర్ అయితే కాగితం మళ్లీ రాసుకోవాల్సొస్తుంది.

కాలవ్యవధిలో రెండు వేర్వేరు సంగతులున్నాయి. ఎంఓయూ ఎన్నాళ్లు, వర్క్‌షాప్ ఎన్నాళ్లు అన్నవి కలిపి రాయొద్దు. న్యాక్‌కి చూపించుకోవాలని మూడేళ్లు పెట్టుకునేవాళ్లున్నారు, అలా పెట్టుకున్నా పర్లేదు. అసలు ఎంఓయూ ఒకటిన్నర పేజీలో ఉండనిచ్చి తేదీలు, బడ్జెట్, బాధ్యతలు అనుబంధంలో వెయ్యండి. వచ్చే ఏడు ఇంకో వర్క్‌షాప్ పెడితే అనుబంధం మార్చుకుంటే చాలు. అనుబంధం గడువు మాత్రం మూడో రోజుతో ముగియకూడదు. ఖర్చుల పట్టిక, ఫొటోలు, హాజరు, రిపోర్టు ఒకరికొకరు ఇచ్చుకోవడానికి ఇంకో ముప్పై రోజులు కలపండి.

సంతకాలు ప్రిన్సిపాళ్లవి కావాలి. డిపార్ట్‌మెంట్‌కి సొంతంగా ఒప్పందం చేసుకునే అధికారం ఉండదు కాబట్టి మీరిద్దరు హెచ్ఓడీలూ కోఆర్డినేటర్లుగా కింద సంతకం పెట్టండి.

తేదీలు నవంబరులో పెట్టేటట్లుంటే ఒకటి చూసుకోండి. మన దగ్గర అసలు వానలు అప్పుడే, వాయుగుండం పడితే కలెక్టరు గారు సెలవిచ్చేస్తారు. చెరువు గట్లు నడవడానికి ఉండవు, వాన నీళ్లు కలిసి లవణీయత పడిపోతుంది, రీడింగులూ మామూలుగా ఉండవు. సంక్రాంతి సెలవుల తర్వాత మూడు రోజులు ప్రత్యామ్నాయ తేదీలుగా అనుబంధంలోనే రాసేసి, వాయిదా పడితే అప్పటికే ఇచ్చిన అడ్వాన్సుల నష్టం ఆ పద్దు ఎవరిదో వాళ్లదే అని పెట్టండి. వీలైతే మొదటే ఫిబ్రవరికి వెళ్లిపోండి, సెమిస్టర్ పరీక్షల తేదీలు మాత్రం రెండు కాలేజీలవీ చూసుకుని.