నైసియాలో ఆ ఓటింగ్ జరగలేదు

నాయనా,

కొత్త నిబంధన పుస్తకాల ఎంపిక మీద నువ్వు రాసిన కథ చదివాను, భాష బాగుంది. కానీ 325లో నైసియా సభలో బిషప్పులు చేతులెత్తి నాలుగు సువార్తలను నెగ్గించి, మిగతావి తగలబెట్టించినట్టు రాశావు. ఆ సభ చేసిన 20 నియమాలూ మనకు దొరుకుతున్నాయి. వాటిలో గ్రంథాల జాబితా లేదు. క్రీస్తు దేవుడు సృష్టించినవాడేనన్న ఏరియస్ బోధ, ఈస్టర్ తేదీ వంటివే అక్కడి తగవులు. నాలుగు సువార్తలే ప్రామాణికమని లియోన్ బిషప్ ఇరేనియస్ అంతకు నూటనలభై ఏళ్ళ ముందే వాదించాడు. ఆ దృశ్యం తీసెయ్. ఇలాంటివి 'డ్రామా ఉంది' అని అచ్చేసే సంపాదకులు, నిదానంగా జరిగిన సంగతిని తిప్పి పంపుతారు. వాళ్ళ కోసం చరిత్రను వంచకు.

అసలు పేచీ ఆరాధనలో పైకి ఏం చదవాలన్న దగ్గర మొదలైంది. సుమారు 200లో రోసస్ అనే ఊరి సంఘంలో 'పేతురు సువార్త' మీద గొడవ వచ్చింది. అంతియొకయ బిషప్ సెరాపియన్ ఆ ఊరు వెళ్ళినప్పుడు పుస్తకం చూడకుండానే, 'గొడవ దీని గురించే అయితే చదువుకోండి' అన్నాడు. తర్వాత అనుమానం వచ్చింది. దాన్ని వాడుతున్న వాళ్ళ దగ్గరే ప్రతి అడిగి తెచ్చుకుని చదివాడు. చాలా భాగం సరిగానే ఉంది, కొన్ని చేర్పులు మాత్రం తేడాగా కనిపించాయి. వాటిని విడిగా చూపిస్తూ ఆ సంఘానికి రాశాడు. సభ లేదు, ఓటు లేదు. నీ కథకు కావలసిన మనిషి ఇతనే.

ఇంకొకటి. నువ్వు అన్నిటినీ 'ఒప్పుకున్నవి', 'నిషేధించినవి' అని రెండు కుప్పలు చేశావు. మధ్యలో మరో అర ఉంది. మురటోరి శకలం అనే పాత జాబితా 'హెర్మాసు కాపరి' అనే తొలినాటి క్రైస్తవ పుస్తకం గురించి ఏమంటుందంటే: విడిగా చదువుకోవచ్చు, కానీ ఈమధ్యే రాసింది కాబట్టి సంఘంలో ప్రవక్తలు, అపొస్తలుల సరసన చదవకూడదు. అంటే పుస్తకం చెడ్డదని కాదు, అపొస్తలుల కాలం నాటిది కాదని.

నాలుగో శతాబ్దపు సంఘ చరిత్రకారుడు యూసేబియస్ కూడా అంతే, యాకోబు, యూదా, 2 పేతురు, 2, 3 యోహాను పత్రికలను 'కొందరు ఒప్పుకోనివి, చాలామందికి తెలిసినవి' అని విడిగా పెట్టాడు. ప్రకటన గ్రంథాన్నయితే ఒప్పుకున్న వాటిలోనూ, తోసేసిన వాటిలోనూ, రెండుచోట్లా 'సరి అనిపిస్తే' అంటూ రాశాడు. ఆ తటపటాయింపును నీ కథలోకి రానివ్వు.

కొత్త నిబంధనలోని ఇప్పటి 27 పుస్తకాలే, అంతకు తక్కువా ఎక్కువా కాకుండా, 367లో అలెగ్జాండ్రియా బిషప్ అతనాసియస్ రాసిన ఉత్తరంలో కనిపిస్తాయి. ఏటా ఈస్టర్ తేదీ తెలియజేస్తూ పంపే ఉత్తరమది. అందులోనూ 'కాపరి'ని కొత్తగా చేరేవాళ్ళు చదవడానికి ఉంచాడు. ఆ తర్వాత 397లో కార్తేజి సభ తన జాబితా ఇచ్చింది. అయినా అన్నిచోట్లా ఒకేసారి కుదరలేదు. సిరియా సంఘాల పాత బైబిలు అనువాదం పెషిత్తాలో కొత్త నిబంధనకు 22 పుస్తకాలే ఉన్నాయి. గ్రీకు ఆర్థడాక్స్ సంఘం ప్రకటన గ్రంథాన్ని ఒప్పుకుంది గానీ, ఆరాధన పాఠాల్లో ఈనాటికీ దాన్ని చదవదు.