టెక్ సందేహాలు: 25 నిమిషాల టైమర్ మా అబ్బాయికి సరిపోవట్లేదు

మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ మొదటి సంవత్సరం. ల్యాప్‌టాప్‌లో పోమోఫోకస్ టైమర్ పెట్టాం. 20 నిమిషాలకే ధ్యాస చెదిరిపోతోంది, ఇక బెల్ ఎప్పుడు మోగుతుందా అని చూస్తుంటాడు. ఐదు నిమిషాల బ్రేక్ కాస్తా పావుగంట అవుతోంది. ఎంతెంత పెట్టాలి?
– ఓ తల్లి, గుంటూరు

ఆ 25 నిమిషాలు శాస్త్రం తేల్చిన అంకె కాదండీ. 1980ల చివర్లో ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ విద్యార్థి టమాటా ఆకారంలో ఉన్న వంటింటి టైమర్‌తో చదువుకుంటూ తన వీలు కోసం కుదుర్చుకున్న లెక్క అది. మీవాడు దానికి కట్టుబడనక్కర్లేదు.

ముందు అసలు ఎంతసేపు నిలుస్తున్నాడో చూడండి. చదువు మొదలుపెట్టగానే స్టాప్‌వాచ్ ఆన్ చేసి, మనసు మొదటిసారి పక్కకి పోయినట్టు తనకే తెలిసినప్పుడు ఆపి, ఆ నిమిషాలు రాసుకోమనండి. ఇలా ఐదుసార్లు. ఉదాహరణకి 19, 22, 14, 20, 21 వచ్చాయనుకుందాం. వరుసలో పెడితే మధ్యది 20. సెషన్ దానికన్నా రెండు నిమిషాలు తక్కువగా, అంటే 18 పెట్టండి. ధ్యాస చెదిరాక కాదు, ఇంకా నిలిచి ఉండగానే బెల్ మోగాలి. అప్పుడే మళ్లీ కూర్చోవడానికి బద్ధకం ఉండదు. ఇక ఆ 14 ఎప్పుడు వచ్చిందో చూడండి. భోజనం చేసిన వెంటనే అయితే వేళ మార్చండి. ప్రతిసారీ ఫిజిక్స్‌లోనే అయితే తప్పు టైమర్‌ది కాదు, ఆ పాఠం అర్థం కాలేదని.

సెట్టింగ్స్‌లో Pomodoro 18, Short Break 4, Long Break 15, Long Break interval 4 పెట్టండి. నాలుగు సెషన్లూ మధ్యలో మూడు బ్రేకులూ కలిపి 84 నిమిషాలు. Auto Start Breaks ఆన్‌లో ఉంచండి. Auto Start Pomodoros మాత్రం ఆఫ్‌లోనే ఉండాలి, లేకపోతే పిల్లాడు వంటింట్లో ఉండగానే గడియారం పరిగెత్తి లెక్కలు అబద్ధం చెబుతాయి.

బ్రేక్ పావుగంట అవుతోందంటే నా అనుమానం ఫోన్ మీదే. రీల్స్‌కి నాలుగు నిమిషాల దగ్గర ఆగే చోటు ఉండదు. ఫోన్ వేరే గదిలో పెట్టి, నీళ్లు తాగి డాబా మీద నాలుగడుగులు వేసి రమ్మనండి. లేచే ముందు తర్వాత చేయాల్సిన స్టెప్ నోట్‌బుక్‌లో ఒక్క వాక్యం రాసుకుంటే, తిరిగొచ్చాక ఎక్కడున్నానో వెతుక్కునే పని ఉండదు. లెక్క సగంలో ఉండగా బెల్ మోగితే, చేస్తున్న స్టెప్ పూర్తిచేశాకే లేవాలి.

వారం పాటు దాదాపు అన్ని సెషన్లూ చెదరకుండా సాగితే 20 చేయండి, ఆ పై వారం 22. తడబడితే వెనక్కి రండి. ఈఏపీసెట్ మూడు గంటల పరీక్ష కాబట్టి రెండో సంవత్సరంలో ఆదివారాలు టైమర్ లేకుండా మాక్ టెస్టులు కూడా రాయించాలి.