పది రోజులే ఉన్నవాడు అద్దెలో పూర్తి వాటా కట్టాలా?

ప్రశ్న: ముగ్గురం ఒకే ఇంట్లో అద్దెకు ఉంటున్నాం, ఎవరి గది వాళ్లది. ఒకడు ఉద్యోగం పనిమీద తిరుగుతూ నెలలో పది రోజులే ఇంట్లో ఉంటాడు. ‘లేని రోజులకు నేనెందుకు కట్టాలి?’ అంటాడు. ఇంకొకడి తమ్ముడు పోయిన నెల పది రోజులు మాతోనే ఉన్నాడు. అన్నీ మూడుతో భాగించుకుంటున్నాం, నెలాఖరు వచ్చిందంటే గొడవే. ఏం చేయాలి?

జవాబు: మీ మిత్రుడి మాట సరుకుల విషయంలో న్యాయం, అద్దె విషయంలో కాదు. అతను ఊళ్లో లేకపోయినా అతని గదికి తాళమే ఉంటుంది, అందులో ఇంకొకరిని పెట్టుకునే వీలు మీకు లేదు. ఇంటి యజమాని కూడా అద్దె తగ్గించడు. కాబట్టి గదులు ఇంచుమించు ఒకేలా ఉంటే అద్దె మూడు సమాన వాటాలే. ఇంటర్నెట్ కూడా అంతే, ఎవరున్నా లేకున్నా బిల్లు మారదు.

మనిషిని బట్టి పెరిగేవి సరుకులు, కరెంటులో కొంత భాగం. వీటిని ఉన్న రోజుల లెక్కన పంచాలి. ఒక మనిషి ఒక రాత్రి ఇంట్లో పడుకుంటే ఒక రోజు. మీవి 30, తిరిగే మిత్రుడివి 10. తమ్ముడి పది రోజులు అన్న ఖాతాలోకే వెళ్తాయి కనుక అతనివి 40. మొత్తం 80. చుట్టం ఎవరి తాలూకో ఖర్చు వాళ్లదే. దీన్ని ముందే మాట్లాడుకుంటే తర్వాత మొహమాటం ఉండదు. రెండు వారాలు దాటి ఉండేవారైతే అద్దెలో కూడా కొంత ఇవ్వాలని నా అభిప్రాయం.

చిక్కంతా కరెంటు బిల్లుతోనే. ఇంట్లో ఎవరూ లేకపోయినా ఫ్రిజ్, రౌటర్ తిరుగుతూనే ఉంటాయి. ఆ ఖర్చు ముగ్గురిదీ. అది ఎంతో తెలుసుకోవడం తేలికే: అందరూ ఊరెళ్లే రోజు చూసుకుని, వెళ్లేముందు ఒకసారి, సరిగ్గా 24 గంటల తర్వాత ఇంకోసారి మీటరు రీడింగ్ రాసుకోండి. తేడా 3 యూనిట్లు వచ్చిందనుకుందాం. నెలకు 90. బిల్లులో మొత్తం 270 యూనిట్లుంటే మూడో వంతు ఇంటి ఖర్చు, మిగతాది మనుషుల ఖర్చు. వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే చోట ఇది కొంచెం ఉజ్జాయింపే అవుతుంది, కానీ స్నేహితుల మధ్య అంతకంటే లోతుగా తవ్వనక్కర్లేదు.

ఇప్పుడు లెక్క చూడండి. అద్దె 18,000, ఇంటర్నెట్ 900, కరెంటు 2,700, ఉమ్మడి సరుకులు 8,000 అనుకుందాం. అద్దె తలా 6,000, ఇంటర్నెట్ తలా 300. కరెంటులో 900 సమానంగా పోతే తలా 300. మిగిలిన 1,800ని 80తో భాగిస్తే రోజుకు 22.50. సరుకులు రోజుకు 100. ఈ లెక్కన మీ వాటా 10,275, తమ్ముడిని ఉంచుకున్న మిత్రుడిది 11,500, తిరిగే మిత్రుడిది 7,825. మూడు సమాన వాటాలైతే ఒక్కొక్కరికి 9,867 దాకా పడేది. అంటే తిరిగే మిత్రుడికి 2,000 పైచిలుకు మిగిలింది, అదీ అద్దె తగ్గించకుండానే.

ఎవరు ఏ బిల్లు కట్టారన్నది ఆఖర్న కలపండి. తిరిగే మిత్రుడు అద్దె 18,000 కట్టాడు, మీరు సరుకులకు 8,000 పెట్టారు, మూడో అతను కరెంటు, ఇంటర్నెట్ కలిపి 3,600 కట్టాడు అనుకోండి. కట్టినదాంట్లోంచి వాటా తీసేస్తే మీరు 2,275, మూడో అతను 7,900 బాకీ. ఇద్దరూ తిరిగే మిత్రుడికి పంపితే అతనికి రావాల్సిన 10,175 సరిపోతుంది. రెండు చెల్లింపులతో ఖాతా సున్నా. బిల్లు బిల్లుకీ పంపుకుంటూ పోతే ఇదే పని ఏడెనిమిది చెల్లింపులవుతుంది, ఎవరిది ఎక్కడ ఆగిందో తెలీదు.

రెండు చోట్ల ఈ పద్ధతి తప్పుతుంది. ఒకరి గదిలోనే ఏసీ ఉంటే రోజుల లెక్కతో మిగతావాళ్లకు అన్యాయం. ఏసీ వాడుకునే కరెంటును తట్టుకునే చిన్న ప్లగ్ మీటర్ దానికి పెట్టి, ఆ యూనిట్లు ముందే విడదీయండి. రెండోది, కరెంటు బిల్లు ఒకటో తారీఖు నుంచి ముప్పై దాకా రాదు, రీడింగ్ తీసిన రోజు నుంచి మళ్లీ తీసిన రోజు దాకా ఉంటుంది. బిల్లు మీద ఉన్న ఆ తేదీల మధ్య ఎవరు ఎన్ని రాత్రులున్నారో లెక్కపెట్టాలి. సరుకుల నెలలోని రోజులనే కరెంటుకూ వాడేస్తే, తమ్ముడు వచ్చిన పది రోజులు పక్క బిల్లులో పడి, ఆ భారం మీ మీదికి వస్తుంది.