ప్రాజెక్ట్‌లో ఫోటోడయోడ్ ఏ మోడ్‌లో పెట్టావ్ అని అడిగితే ఏం చెప్పాలి?

ప్రశ్న: సార్, నేను ఈసీఈ ఫైనల్ ఇయర్ అమ్మాయిని. వేలు పెడితే పల్స్ చూపించే ప్రాజెక్ట్ చేశాను, ఐఆర్ ఎల్ఈడీ, ఫోటోడయోడ్, ఆప్-ఆంప్‌తో, బాగానే పనిచేసింది. ఇంటర్వ్యూలో ఫోటోడయోడ్ ఏ మోడ్‌లో వాడావు, ఫీడ్‌బ్యాక్ రెసిస్టర్ ఆ విలువే ఎందుకు అని అడిగితే నోరు పెగల్లేదు. నాకు అనలాగ్ హార్డ్‌వేర్ జాబే కావాలి. ఇంకో పెద్ద ప్రాజెక్ట్ చేయమంటారా?

జవాబు: వద్దమ్మా, కొత్త ప్రాజెక్ట్ వద్దు. చేసిందే మళ్లీ తియ్యి. అనలాగ్ వైపు ఇంటర్వ్యూ చేసేవాళ్లకి సర్క్యూట్ పనిచేసిందా లేదా అన్నది రెండో విషయం, అందులో ఉన్న ప్రతి విలువ ఎక్కడినుంచి వచ్చిందో నువ్వు చెప్పగలవా అన్నదే మొదటిది. నీ సర్క్యూట్‌లో ఎల్ఈడీ పక్కన పెడితే ఉన్నవి నాలుగే వస్తువులు, డయోడ్, ఆప్-ఆంప్, ఒక రెసిస్టర్, ఒక చిన్న కెపాసిటర్. ఈ నాలుగింటి మీదే అరగంట మాట్లాడొచ్చు, ఎలాగో చూడు.

ముందు డయోడ్. నీ దగ్గర ఏది ఉందో రాయలేదు కాబట్టి BPW34 అనుకుంటా, స్టూడెంట్స్ ఎక్కువగా వాడేది అదే. డేటాషీట్ తెరిస్తే 950 నానోమీటర్ల వెలుగు చదరపు సెంటీమీటర్‌కి 1 మిల్లీవాట్ చొప్పున పడితే 50 మైక్రోఆంప్స్ వస్తుందని ఉంటుంది. చాలామంది ఆ లైన్ చదివి వదిలేస్తారు, అక్కడే రెస్పాన్సివిటీ దాక్కుని ఉంది. డయోడ్ ఏరియా 7.5 చదరపు మిల్లీమీటర్లు, అంటే దాని మీద నిజంగా పడిన పవర్ 75 మైక్రోవాట్లు, 50ని 75తో భాగిస్తే వాట్‌కి సుమారు 0.67 ఆంప్స్. అదే రెస్పాన్సివిటీ. ఇది సరైన నంబరేనా అని ఫిజిక్స్‌తో సరిచూసుకోవచ్చు కూడా:

```
R = η × λ / 1240      (λ నానోమీటర్లలో, R ఆంప్/వాట్)
950 / 1240 = 0.77
0.67 / 0.77 = 0.87
```

ఈ 0.87 యే η, అంటే డయోడ్ మీద పడిన 100 ఫోటాన్లలో 87 దాకా ఎలక్ట్రాన్‌గా మారుతున్నాయన్నమాట. వేవ్‌లెంగ్త్ పెరిగితే రెస్పాన్సివిటీ ఎందుకు పెరుగుతుంది అని అడుగుతారు, తప్పకుండా అడుగుతారు. పొడవు వేవ్‌లెంగ్త్‌లో ఒక్కో ఫోటాన్‌కి ఎనర్జీ తక్కువ, అందుకే అదే ఒక వాట్‌లో ఫోటాన్లు ఎక్కువ ఉంటాయి, ఫోటాన్‌కి ఒక ఎలక్ట్రాన్ లెక్కన కరెంట్ ఎక్కువ వస్తుంది. కానీ సిలికాన్‌కి ఇది 1100 నానోమీటర్ల దగ్గర ఆగిపోతుంది, ఆ తర్వాత ఫోటాన్‌కి ఎలక్ట్రాన్‌ని లేపే శక్తి చాలదు. ఫైబర్ కమ్యూనికేషన్‌లో 1310, 1550కి ఇండియం గాలియం ఆర్సెనైడ్ డయోడ్లు వాడేది ఇందుకే.

ఇప్పుడు నీ వేలు. వేలు దాటి వచ్చేసరికి 1.5 మైక్రోవాట్లు మిగిలింది అనుకుందాం, దాన్ని 0.67తో గుణిస్తే 1 మైక్రోఆంప్. ఇంత చిన్న కరెంట్‌ని వోల్టేజ్ చేయడానికి ఆప్-ఆంప్ ఎందుకు, డయోడ్‌కి అడ్డంగా ఒక 1 మెగాఓమ్ రెసిస్టర్ పెడితే 1 వోల్ట్ వచ్చేస్తుంది కదా అని ఇంటర్వ్యూలో అమాయకంగా అడుగుతారు. రాదు. ఆ వోల్టేజ్ డయోడ్ మీదే ఫార్వర్డ్ బయాస్‌గా పడుతుంది, కొన్ని వందల మిల్లీవోల్ట్స్ రాగానే వచ్చిన కరెంట్‌ని డయోడ్ తనలోనే మింగేస్తుంది. BPW34 డేటాషీట్‌లో పైన చెప్పిన 75 మైక్రోవాట్లు పడినప్పుడు కూడా ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ 350 మిల్లీవోల్ట్సే. పైగా వెలుగు రెట్టింపైతే ఆ వోల్టేజ్ రెట్టింపు కాదు, లాగరిథమ్ లాగా కొంచెమే పెరుగుతుంది.

ట్రాన్స్‌ఇంపీడెన్స్ ఆంప్లిఫైయర్ చేసేది ఏంటంటే డయోడ్ రెండు చివరల మధ్య వోల్టేజ్‌ని దాదాపు సున్నా దగ్గరే పట్టి ఉంచుతుంది. యానోడ్ గ్రౌండ్‌కి, క్యాథోడ్ ఆప్-ఆంప్ మైనస్ ఇన్‌పుట్‌కి, ప్లస్ ఇన్‌పుట్ గ్రౌండ్‌కి, అవుట్‌పుట్ నుంచి మైనస్ ఇన్‌పుట్‌కి రెసిస్టర్. డయోడ్ ఆ నోడ్ నుంచి 1 మైక్రోఆంప్ లాగుతుంది, ఆప్-ఆంప్ దాన్ని రెసిస్టర్ గుండా పంపాలి కాబట్టి అవుట్‌పుట్ పైకి వెళ్తుంది, 1 మెగాఓమ్ అయితే ప్లస్ 1 వోల్ట్. డయోడ్ మీద వోల్టేజ్ లేదు కాబట్టి వెలుగు రెట్టింపైతే అవుట్‌పుట్ కూడా రెట్టింపవుతుంది. ఇదే జీరో బయాస్, పుస్తకాల్లో ఫోటోవోల్టాయిక్ మోడ్. యానోడ్‌ని గ్రౌండ్‌కి బదులు మైనస్ 5 వోల్ట్స్‌కి కలిపితే రివర్స్ బయాస్, అంటే ఫోటోకండక్టివ్ మోడ్. ఆంప్లిఫైయర్ మాత్రం మారదు, అదే ఉంటుంది.

మరి నీ ప్రాజెక్ట్‌కి ఏది? జీరో బయాస్, ఇందులో నాకు సందేహమే లేదు. పల్స్ సిగ్నల్ మొత్తం వెలుగులో ఒక శాతం అటూ ఇటూ ఉంటుంది, నీ 1 వోల్ట్‌లో 10 మిల్లీవోల్ట్స్, అదీ నెమ్మదిగా కదిలేది. స్పీడ్ అక్కర్లేదు. రివర్స్ బయాస్ ఇస్తే డార్క్ కరెంట్ వస్తుంది, అంటే చీకట్లో కూడా కారే కరెంట్, BPW34కి 10 వోల్ట్స్ దగ్గర మామూలుగా 2 నానోఆంప్స్, గరిష్ఠంగా 30. పైగా టెంపరేచర్ 10 డిగ్రీలు పెరిగితే అది దాదాపు రెట్టింపవుతుంది, వేలి వెచ్చదనానికి బేస్‌లైన్ కదలడం మొదలవుతుంది. అక్కర్లేని స్పీడ్ కోసం ఆ తలనొప్పి ఎందుకు తెచ్చుకోవాలి? ఈ ఒక్క మాట అక్కడ చెప్పి ఉంటే ఆ ఇంటర్వ్యూ వేరేలా నడిచేది.

ఆప్-ఆంప్ విషయంలో చాలా ప్రాజెక్టులు దెబ్బతింటాయి, ల్యాబ్‌లో ఉంది కదా అని 741 పెట్టేస్తారు. దాని బయాస్ కరెంట్ మామూలుగా 80 నానోఆంప్స్, 1 మెగాఓమ్ మీద 80 మిల్లీవోల్ట్స్, నీ పల్స్ సిగ్నలేమో 10! TL072 లాంటి ఫెట్ ఇన్‌పుట్ ఆప్-ఆంప్ అయితే 65 పికోఆంప్స్, అంటే 65 మైక్రోవోల్ట్స్, పట్టించుకోనక్కర్లేదు, దాని 3 మిల్లీవోల్ట్స్ ఆఫ్‌సెట్టే ఎక్కువ. కాకపోతే TL072కి ప్లస్, మైనస్ రెండు సప్లైలూ కావాలి. ఒక టెస్ట్ చెప్తా, చేసి చూడు. డయోడ్‌ని నల్ల టేప్‌తో పూర్తిగా మూసి అవుట్‌పుట్ రాసుకో, తర్వాత రెసిస్టర్‌ని 1 మెగా నుంచి 10 మెగాకి మార్చు. రీడింగ్ అలాగే ఉంటే అది ఆఫ్‌సెట్ వోల్టేజ్, పది రెట్లయితే అది కరెంట్. అప్పుడు డయోడ్ పీకేసి చూడు, ఇంకా ఉంటే ఆప్-ఆంప్ బయాస్ కరెంట్, పోతే డయోడ్ డార్క్ కరెంట్. నోట్‌బుక్‌లో ఈ మూడు రీడింగులు ఉన్న స్టూడెంట్‌ని నేనైతే వదులుకోను.

రెసిస్టర్ పెద్దదైతే మంచిదే, సిగ్నల్ పది రెట్లు పెరిగితే దాని థర్మల్ నాయిస్ సుమారు 3.2 రెట్లే పెరుగుతుంది. కానీ హద్దు ఉంది. గది వెలుగుకే ఈ డయోడ్‌లో కొన్ని మైక్రోఆంప్స్ నుంచి పదుల మైక్రోఆంప్స్ దాకా రావొచ్చు, 20 మైక్రోఆంప్స్ వస్తే 1 మెగాఓమ్‌కి 20 వోల్ట్స్ కావాలి, నీ సప్లై 12 అయితే అవుట్‌పుట్ పైన అతుక్కుపోతుంది. సర్క్యూట్ చచ్చిపోయింది అనుకుని ఐసీ మార్చేస్తారు, చేత్తో మూస్తే అవుట్‌పుట్ దిగి వస్తుందేమో ముందు చూడాలి. దిగితే అది సాచురేషన్, డయోడ్‌కి నల్ల గొట్టం తొడుగు, లేదా రెసిస్టర్ తగ్గించు.

ఇక మిగిలింది ఆ చిన్న కెపాసిటర్. డయోడ్‌కి జీరో బయాస్ దగ్గర 70 పికోఫారడ్స్ ఉంది, ఆప్-ఆంప్, వైర్లు కలిపి ఇంకో 10 వేసుకో. 1 మెగాఓమ్, 80 పికోఫారడ్స్ కలిసి 2 కిలోహెర్ట్జ్ దగ్గరే ఫీడ్‌బ్యాక్‌ని ఆలస్యం చేయడం మొదలుపెడతాయి, ఆప్-ఆంప్ ఆలస్యం దానికి తోడై అవుట్‌పుట్ మోగుతుంది, ఒక్కోసారి ఆసిలేట్ అవుతుంది. రెసిస్టర్‌కి అడ్డంగా చిన్న కెపాసిటర్ పెడితే ఆగుతుంది:

```
Cf = sqrt( Cin / (2π × Rf × GBW) )
Cin = 80 pF, Rf = 1 MΩ, GBW = 3 MHz  →  Cf ≈ 2 pF
```

దీంతో బ్యాండ్‌విడ్త్ 77 కిలోహెర్ట్జ్ దగ్గర వస్తుంది. పల్స్‌కి అంత అక్కర్లేదు, 1 నానోఫారడ్ పెట్టేయి, 160 హెర్ట్జ్ దగ్గర కట్ అవుతుంది, మోగడం అన్న సమస్యే ఉండదు. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకో. బ్రెడ్‌బోర్డ్‌లో పక్కపక్క వరసల మధ్యే ఒకటి రెండు పికోఫారడ్స్ ఉంటుంది, అది నీకు తెలీకుండానే ఈ కెపాసిటర్ పని చేసిపెడుతుంది. అదే సర్క్యూట్‌ని పీసీబీ మీద వేశాక ఆ మేలు పోయి మోగడం మొదలవుతుంది, అందుకే కెపాసిటర్‌కి జాగా పీసీబీలో ముందే వదలాలి. చూడాలంటే ఎల్ఈడీకి స్క్వేర్ వేవ్ ఇచ్చి స్కోప్‌లో అంచు చూడు, అంచు తర్వాత అలలు ఉంటే కెపాసిటర్ చాలలేదని.

చివర్లో మరి 1 మెగాహెర్ట్జ్ కావాలంటే అని మెలిక పెడతారు, రివర్స్ బయాస్ ఎందుకు పుట్టిందో అప్పుడు చెప్పు. రెసిస్టర్‌ని 100 కిలోఓమ్‌కి దించినా జీరో బయాస్‌లో 80 పికోఫారడ్స్‌కి సుమారు 50 మెగాహెర్ట్జ్ గెయిన్-బ్యాండ్‌విడ్త్ ఉన్న ఆప్-ఆంప్ కావాలి. 3 వోల్ట్స్ రివర్స్ బయాస్ ఇస్తే డయోడ్ 70 నుంచి 25 పికోఫారడ్స్‌కి పడిపోతుంది, మొత్తం 35, అప్పుడు 22 మెగాహెర్ట్జ్ చాలు. అదే మైక్రోఆంప్‌కి అవుట్‌పుట్ 1 వోల్ట్ కాదు, 100 మిల్లీవోల్ట్స్, డార్క్ కరెంట్ కూడా భరించాలి, అదీ చెప్పాలి.

రెజ్యూమేలో ఇప్పుడున్న "పల్స్ సెన్సార్ ప్రాజెక్ట్" అన్న లైన్ తీసేసి "జీరో బయాస్ ఫోటోడయోడ్, 1 మెగాఓమ్ ట్రాన్స్‌ఇంపీడెన్స్ ఆంప్లిఫైయర్, 160 హెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్, డార్క్ అవుట్‌పుట్ కొలిచాను" అని నువ్వు కొలిచిన నంబర్ పక్కనే పెట్టి రాయి. పల్స్ ఆక్సీమీటర్లు, ఆప్టికల్ రిసీవర్లు, పొగ డిటెక్టర్లు చేసే టీములకి అప్లై చెయ్యి, అక్కడ రోజూ నడిచేది ఈ లెక్కే. కొలిచేటప్పుడు నీ రీడింగ్ ఈ లెక్కకి రెండింతలు తేడా వస్తే ఏ డయోడ్, ఏ ఆప్-ఆంప్, ఏ రెసిస్టర్ వాడావో రాసి పంపు, చూద్దాం.